మైనస్ రెండు ఆంపియర్లు తప్పా, ఒప్పా?

ఒక సర్క్యూట్ లెక్క తీసుకుందాం. ఛార్జరు ఒకటి, బ్యాటరీ ఒకటి, బల్బు ఒకటి. మూడింటి కింది కొసలను ఒకే తీగకు కలిపారు, పై కొసలను మరో తీగకు కలిపారు. అంటే మూడూ పక్కపక్కన, సమాంతరంగా ఉన్నాయి. ఛార్జరు 14.5 వోల్టులది, దాని దారిలో అర ఓమ్ నిరోధం ఉంది. బ్యాటరీ 12 వోల్టులది, దాని దారిలోనూ తీగలు, కనెక్షన్లు అన్నీ కలిపి అర ఓమ్ ఉందనుకుందాం. బల్బు నిరోధం 13 ఓమ్‌లు. రెండింటి ప్లస్ కొసలూ పైతీగ వైపే ఉన్నాయి. ఒక్కో దారిలో కరెంటు ఎంత?

ఇంటర్ రెండో ఏడాది ఫిజిక్స్‌లో, పాలిటెక్నిక్ ఎలక్ట్రికల్ మొదటి పాఠాల్లో ఇలాంటి లెక్కలు తప్పకుండా వస్తాయి. విద్యార్థి మూడు బాణం గుర్తులు వేసుకుంటాడు. ఛార్జరు నుంచి పైకి ఒకటి, బ్యాటరీ నుంచి పైకి ఒకటి, బల్బులోంచి కిందికి ఒకటి. సమీకరణాలు రాసి సాధిస్తే ఛార్జరు కరెంటు 3 ఆంపియర్లు, బల్బు కరెంటు 1 ఆంపియర్ అని వస్తుంది. బ్యాటరీ కరెంటు మాత్రం మైనస్ 2 ఆంపియర్లు అని వస్తుంది.

చాలామందికి పెన్ను ఆగేది ఇక్కడే. కరెంటు మైనస్ కావడమేమిటని కొందరు లెక్కంతా కొట్టేసి మళ్లీ మొదలుపెడతారు. ఇంకొందరు మైనస్‌ను చప్పుడు కాకుండా చెరిపేసి 2 అని రాసేస్తారు. నిజానికి ఆ జవాబు సరైనదే. సరైనదని పుస్తకం చివరి పేజీ తిప్పకుండానే తేల్చుకోవచ్చు. కావలసిన ఆధారాలన్నీ ప్రశ్నలో ఇచ్చిన బొమ్మలోనే ఉన్నాయి. అయితే సరిచూడటంలో ఒక షరతు ఉంది. సరిచూసే దారి లెక్క చేసిన దారి కాకూడదు. ఎందుకో చూద్దాం.

బాణం మనది, దిశ సర్క్యూట్‌ది

లెక్క మొదట్లో వేసే బాణం ఒక ఊహ మాత్రమే. కరెంటు నిజంగా ఎటు పోతోందో అప్పటికి మనకు తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. ఎటో ఒకవైపు బాణం వేసి, చివరిదాకా దానికే కట్టుబడి ఉంటే చాలు. జవాబు ప్లస్ వస్తే మన ఊహ సరిపోయింది. మైనస్ వస్తే కరెంటు బాణానికి ఎదురుగా పోతోంది. అంకె మాత్రం అదే.

కాబట్టి ఇక్కడ మైనస్ 2 అంటే బ్యాటరీలోంచి కరెంటు బయటికి రావడం లేదు, 2 ఆంపియర్లు దానిలోకి పోతున్నాయి. అంటే బ్యాటరీ ఛార్జ్ అవుతోంది. ఛార్జరు ఇచ్చే 3 ఆంపియర్లలో ఒకటి బల్బుకు, రెండు బ్యాటరీకి చేరుతున్నాయి. మైనస్‌ను చెరిపేసినవాడు ఛార్జ్ అవుతున్న బ్యాటరీని ఖాళీ అవుతున్న బ్యాటరీగా మార్చేశాడన్నమాట.

ఇది కాగితం మీది మాట మాత్రమే కాదు. కారు బ్యాటరీ కొసల మధ్య మల్టీమీటరు పెడితే, ఇంజను ఆగి ఉన్నప్పుడు సుమారు పన్నెండున్నర వోల్టులు చూపిస్తుంది, ఇంజను నడుస్తున్నప్పుడు 14 దాకా చూపిస్తుంది. బయటి వోల్టేజీ బ్యాటరీ సొంత వోల్టేజీని మించితే కరెంటు లోపలికి పోతున్నట్టే లెక్క. మన సర్క్యూట్లో రెండు తీగల మధ్య 13 వోల్టులు వస్తాయి. బ్యాటరీవి 12. మైనస్ చెబుతున్నదీ అదే.

సంధి దగ్గర, లూపు చుట్టూ

గుస్టావ్ కిర్కాఫ్ ఈ రెండు నియమాలనూ 1845లో ప్రచురించాడు. అప్పటికి కోనిగ్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ఇంకా విద్యార్థి, వయసు 21. ఒక సంధిలోకి వచ్చే కరెంటు, అక్కడినుంచి పోయే కరెంటు సమానం కావాలన్నది మొదటి నియమం. ఒక లూపు చుట్టూ తిరిగి మొదలైన చోటికే వస్తే ఎక్కిన వోల్టులు, దిగిన వోల్టులు సమానం కావాలన్నది రెండోది.

ముందుగా పైతీగను చూద్దాం. వచ్చేది 3, పోయేవి 2, 1. సరిపోయింది. మైనస్ చెరిపేసినవాడి జవాబు ఇక్కడే పట్టుబడుతుంది. అతని లెక్కలో ఛార్జరు నుంచి 3, బ్యాటరీ నుంచి 2 వస్తున్నాయి, బల్బుకు 1 మాత్రమే పోతోంది. మిగిలిన 4 ఆంపియర్లు ఎక్కడికి పోయినట్టు? ఇక కింది తీగ దగ్గర కూడా చూద్దామని కొందరు అనుకుంటారు. అక్కడ ఇదే సమీకరణం తలకిందులుగా వస్తుంది తప్ప కొత్తగా తెలిసేదేమీ లేదు. ఎన్ని సంధులున్నా ఒకదాన్ని వదిలేసి మిగతావి చూస్తే చాలు.

రెండో నియమానికి లెక్కలో వాడని లూపును ఎంచుకోవడం మంచిది. సాధారణంగా విద్యార్థులు ఛార్జరు–బల్బు లూపు, బ్యాటరీ–బల్బు లూపు తీసుకుని లెక్క చేస్తారు. అలాంటప్పుడు సరిచూడటానికి బల్బును వదిలేసి ఛార్జరు నుంచి బ్యాటరీకి బయటి లూపు తిరగాలి. తిరిగే ముందు బొమ్మను మళ్లీ గీసి, ఈసారి బాణాలను కరెంటు నిజంగా పోతున్న దిశలోనే వేయాలి. అప్పుడు మైనస్‌లు ఉండవు, గుర్తు దగ్గర పొరపడే అవకాశం తగ్గుతుంది. నిరోధంలో కరెంటు పోయే దిశలో నడిస్తే వోల్టేజీ దిగుతుంది. బ్యాటరీ మైనస్ నుంచి ప్లస్‌కు నడిస్తే ఎక్కుతుంది, ప్లస్ నుంచి మైనస్‌కు నడిస్తే దిగుతుంది.

ఛార్జరులో 14.5 ఎక్కాం. దాని అర ఓమ్‌లో 3 ఆంపియర్లకు 1.5 దిగాం, 13కు వచ్చాం. బ్యాటరీ దారిలోని అర ఓమ్‌లో 2 ఆంపియర్లకు 1 దిగాం, 12కు వచ్చాం. బ్యాటరీ ప్లస్ నుంచి మైనస్‌కు 12 దిగాం. మిగిలింది సున్నా.

14.5 − 1.5 − 1 − 12 = 0

65 వోల్టుల కథ

ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాం. ఒక విద్యార్థి బాణాలన్నీ సరిగ్గానే వేశాడు. కానీ బ్యాటరీ దారిలో ఒక్క గుర్తు తారుమారైంది. పైకి వేసిన బాణం ప్రకారం బ్యాటరీ 12 వోల్టులలోంచి నిరోధంలో దిగిన వోల్టులను తీసేయాలి. అతను కలిపాడు. మిగతా సమీకరణాలన్నీ సరైనవే. వాటిని ఒక్క కూడిక కూడా తప్పకుండా సాధిస్తే ఛార్జరు కరెంటు మైనస్ 101 ఆంపియర్లు, బ్యాటరీ కరెంటు 106, బల్బు కరెంటు 5 అని వస్తుంది. తీగల మధ్య 65 వోల్టులు.

ఇప్పుడు అతను సరిచూసుకోవడానికి ఈ అంకెలను తన సమీకరణాల్లోనే వేశాడు. సంధి దగ్గర 106 లోంచి 101 తీస్తే 5, బల్బుకు పోయేది 5. సరిపోయింది. బల్బులో 5 ఆంపియర్లను 13తో గుణిస్తే 65. సరిపోయింది. ఛార్జరు వైపు 14.5కు 50.5 కలిపితే 65. అదీ సరిపోయింది. బ్యాటరీ వైపు 12కు 53 కలిపితే మళ్లీ 65. నాలుగు చోట్లా టిక్కు పడింది. జవాబు మాత్రం పూర్తిగా తప్పు.

మనం రాసిన సమీకరణంలో మన జవాబునే వేసి చూస్తే తెలిసేది ఒకటే, సాధించడంలో కూడికలు, తీసివేతలు తప్పలేదని. సమీకరణం తప్పుగా రాసి ఉంటే ఆ తప్పు సరిచూసేటప్పుడు కూడా అదే చోట కూర్చుని ఉంటుంది. రెండుసార్లూ ఒకే దారిలో నడిచాం కాబట్టి కనబడదు.

దీన్ని కనిపెట్టడానికి పెన్ను కూడా అక్కర్లేని పద్ధతి ఒకటుంది. కింది తీగను సున్నా వోల్టులు అనుకుంటే, పైతీగకు మూడు దారులున్నాయి. ఒకటి 14.5 వోల్టుల నుంచి, ఒకటి 12 నుంచి, ఒకటి సున్నా నుంచి, ఒక్కోటీ ఒక్కో నిరోధం గుండా వస్తున్నాయి. పైతీగ నిజంగా 65 దగ్గర ఉంటే మూడు దారుల్లోనూ కరెంటు పైతీగ నుంచి బయటికే పోవాలి, ఎందుకంటే నిరోధంలో కరెంటు ఎప్పుడూ ఎక్కువ వోల్టేజీ నుంచి తక్కువకే పోతుంది. మరి లోపలికి ఎక్కడినుంచి వస్తుంది? కాబట్టి పైతీగ వోల్టేజీ సున్నాకూ 14.5కూ మధ్యనే ఉండి తీరాలి. బ్యాటరీలు, నిరోధాలు మాత్రమే ఉండి, దారులన్నీ ఇలా ఒకే సంధికి చేరే సర్క్యూట్లలో జవాబు రాగానే ముందు ఈ హద్దు చూసుకోవడం మేలు.

కానీ ప్రతి తప్పూ 65 వోల్టులంత బాహాటంగా బయటపడదు. నిరోధాల విలువలు వేరైతే ఇదే గుర్తు తప్పు నమ్మదగినట్టు కనిపించే అంకెను కూడా ఇవ్వగలదు. అలాంటివాటిని పట్టుకునేది పవర్ లెక్క.

ఇచ్చిందెంత, తీసుకున్నదెంత

సర్క్యూట్లో పవర్ లెక్క ఇంటి జమాఖర్చు లాంటిది. కొన్ని భాగాలు పవర్ ఇస్తాయి, కొన్ని తీసుకుంటాయి, రెండు పద్దులూ చివరి పైసా దాకా సమానం కావాలి. ఏ భాగం ఏ పద్దులోకి వస్తుందో తేల్చడానికి ఇంజినీర్లు పాసివ్ సైన్ కన్వెన్షన్ అనే ఒప్పందం పాటిస్తారు. కరెంటు ఒక భాగంలోకి ప్లస్ కొస నుంచి ప్రవేశిస్తుంటే అది పవర్ తీసుకుంటోంది, వోల్టేజీని కరెంటుతో గుణించిన విలువ ప్లస్. ప్లస్ కొస నుంచి కరెంటు బయటికి వస్తుంటే అది పవర్ ఇస్తోంది, విలువ మైనస్. అన్నీ కూడితే సున్నా రావాలి.

మన సరైన జవాబుకు ఈ లెక్క వేద్దాం. ఛార్జరు ప్లస్ కొస నుంచి 3 ఆంపియర్లు బయటికి వస్తున్నాయి. 14.5ను 3తో గుణిస్తే 43.5 వాట్లు, అది ఇచ్చే పద్దు. నిరోధాల దగ్గర పవర్ కట్టడానికి కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణిద్దాం. ఛార్జరు దారిలోని అర ఓమ్‌లో 9ని అరతో గుణిస్తే 4.5 వాట్లు. బ్యాటరీ దారిలో 4ను అరతో గుణిస్తే 2 వాట్లు. బల్బులో 1ని 13తో గుణిస్తే 13 వాట్లు. ఇక బ్యాటరీ. దాని ప్లస్ కొస నుంచి 2 ఆంపియర్లు లోపలికి పోతున్నాయి, కాబట్టి 24 వాట్లు తీసుకుంటోంది.

4.5 + 2 + 13 + 24 = 43.5

పద్దులు సమానం. బ్యాటరీ వైపు పోతున్న 26 వాట్లలో 24 రసాయన శక్తిగా నిల్వ అవుతున్నాయి, 2 వేడిగా పోతున్నాయి.

ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు, బ్యాటరీ అనగానే దాన్ని ఇచ్చే పద్దులో రాసేయడం. అలా రాస్తే ఇచ్చింది 43.5కు 24 కలిపి 67.5 అవుతుంది, తీసుకున్నది 19.5. తేడా 48. ఆ తేడాను అలా వదిలేయకుండా కాస్త చూస్తే అదే తప్పును చూపిస్తుంది. ఒక భాగాన్ని ఒక పద్దులోంచి రెండో పద్దులోకి మారిస్తే తేడా దాని పవర్‌కు రెట్టింపు వస్తుంది. 48లో సగం 24, అది బ్యాటరీ పవర్. కాబట్టి పద్దులు కుదరకపోతే తేడాను సగం చేసి, ఆ సగం ఏ భాగం పవర్‌తోనైనా సరిపోతుందేమో చూడాలి. సరిపోతే గుర్తు తారుమారైంది దాదాపు అక్కడే.

ఇప్పుడు 65 వోల్టుల జవాబును ఇదే పరీక్షకు పెడదాం. అతని లెక్కలో బ్యాటరీ 106 ఆంపియర్లు ఇస్తోంది, అంటే 1272 వాట్లు. ఛార్జరులోకి 101 ఆంపియర్లు పోతున్నాయి, అది 1464.5 వాట్లు తీసుకుంటోంది. అక్కడికే తీసుకున్నది ఇచ్చినదాన్ని మించిపోయింది. ఇంకా మూడు నిరోధాలు మిగిలే ఉన్నాయి. అవి కలిపి మరో 11,043.5 వాట్లు కాలుస్తున్నాయి. ఇచ్చింది 1272, తీసుకున్నది 12,508. అతని సమీకరణాలన్నీ ఒప్పుకున్న జవాబును పవర్ లెక్క ఒప్పుకోలేదు.

కారణం సులువే. కరెంటును వర్గం చేయగానే ప్లస్, మైనస్ తేడా పోతుంది. నిరోధంలో కరెంటు ఎటు పోయినా వేడి పుడుతుంది, అది ఎప్పుడూ తీసుకునే పద్దులోనే ఉంటుంది. సమీకరణం రాసేటప్పుడు దొర్లిన గుర్తు తప్పు ఈ దారిలోకి రాలేదు.

పద్దులు కుదిరినా నమ్మలేని సందర్భం

అయితే పవర్ లెక్కను కూడా తప్పుగా వాడే వీలుంది. ఇంకో విద్యార్థి బొమ్మలోని రెండు అర ఓమ్‌లనూ సరిగ్గా చూడక, ఛార్జరు దారిలో ముప్పావు ఓమ్, బ్యాటరీ దారిలో ఒక ఓమ్ అని రాసుకున్నాడనుకుందాం. అతనికి తీగల మధ్య 13 వోల్టులే వస్తాయి. ఛార్జరు కరెంటు 2, బ్యాటరీలోకి పోయేది 1, బల్బుకు 1. సంధి నియమం కుదిరింది. లూపులో 1.5, 1, 12 దిగి మొత్తం 14.5, అదీ కుదిరింది.

ఇప్పుడు ప్రతి నిరోధం దగ్గరా వోల్టేజీని కరెంటుతో గుణించి పవర్ కడితే ఛార్జరు ఇచ్చింది 29. తీసుకున్నవి 3, 1, 12, 13, మొత్తం 29. పద్దులు అచ్చం సరిపోయాయి, జవాబు మాత్రం ప్రశ్నలోని సర్క్యూట్‌ది కాదు.

ఇది కాకతాళీయం కాదు. ఫిలిప్స్ పరిశోధనశాలలో పనిచేసిన డచ్ ఇంజినీరు బెర్నార్డ్ టెలిజెన్ 1952లో ప్రచురించిన సిద్ధాంతం చెప్పేది ఇదే. కరెంట్లు సంధి నియమాన్ని, వోల్టేజీలు లూపు నియమాన్ని పాటిస్తే చాలు, ఆయా భాగాల స్వభావం ఏదైనా సరే, వోల్టేజీ–కరెంటు గుణకారాల మొత్తం సున్నా అయితీరుతుంది. అంటే రెండు నియమాలూ కుదిరాక వోల్టేజీని కరెంటుతో గుణించి కట్టిన పవర్ లెక్క కుదరడంలో విశేషమేమీ లేదు. ఆ లెక్కలో ఓమ్ నియమానికి చోటే లేదు. 1.5 వోల్టులకు 2 ఆంపియర్లు పోతే ఆ నిరోధం అర ఓమ్ ఎలా అవుతుందని అది అడగదు.

అదే కరెంటు వర్గాన్ని ప్రశ్నలో ఇచ్చిన నిరోధంతో గుణిస్తే ఛార్జరు దారిలో 2 వాట్లు, బ్యాటరీ దారిలో అర వాటు వస్తాయి. మొత్తం 27.5, కావలసింది 29. తప్పు బయటపడింది. ఇక్కడ గమనించాల్సింది, ఆ అర ఓమ్‌ను ప్రశ్నలోని బొమ్మ నుంచే తీసుకోవాలి. తాను రాసుకున్న ముప్పావు ఓమ్‌ను తీసుకుని వర్గం కట్టినా పద్దులు కుదిరిపోతాయి. ఎందుకంటే అతను ఆ వేరే సర్క్యూట్‌ను తప్పు లేకుండానే సాధించాడు.

ప్రశ్నలోనే అచ్చు తప్పు ఉంటే మాత్రం ఈ పరీక్షలేవీ ఏమీ చేయలేవు. అవి ఇచ్చిన బొమ్మకూ వచ్చిన జవాబుకూ పొత్తు కుదిరిందా అని మాత్రమే చెబుతాయి.

ఎంత తేడాను ఓర్చుకోవచ్చు?

మన లెక్కలో అంకెలు పూర్ణాంకాలు కావడం వల్ల పద్దులు అచ్చంగా కుదిరాయి. బల్బు 13 బదులు 12 ఓమ్‌లైతే అలా రాదు. ఛార్జరు నుంచి 3.04, బ్యాటరీలోకి 1.96, బల్బుకు 1.08 ఆంపియర్లు అని రెండు దశాంశాలకు కుదించి రాయాలి. ఇచ్చింది 44.08 వాట్లు, తీసుకున్నవి కూడితే 44.06. ఈ రెండు వందో వంతుల తేడా కుదింపు వల్ల వచ్చిందే, దాన్ని వదిలేయవచ్చు. కుదించిన అంకెల్లో చివరి స్థానం దగ్గరే తేడా ఉంటే భయం లేదు. అంతకు ముందు స్థానాల్లో తేడా వస్తే మాత్రం వెనక్కి వెళ్లి వెతకాలి. మధ్యలో అంకెలను మరీ ముందుగా కుదిస్తే సరైన జవాబే తప్పుగా కనిపిస్తుంది. ఇవే కరెంట్లను ఒక దశాంశానికి రాస్తే 3.0 లోంచి 2.0 పోతే 1.0 మిగలాలి, బల్బు దగ్గర మాత్రం 1.1 ఉంటుంది. అందుకే క్యాలిక్యులేటరులో అంకెలను పూర్తిగా ఉంచుకుని చివర్లోనే కుదించాలి.

ఏసీ సర్క్యూట్లలో ఈ నియమాలు మారవు, కూడే పద్ధతి మారుతుంది. ఒక నిరోధం, ఒక కెపాసిటరు సమాంతరంగా ఉండి వాటిలో 3, 4 ఆంపియర్లు పోతుంటే, మెయిన్ తీగలో అమ్మీటరు 7 చూపదు, 5 చూపిస్తుంది. రెండు కరెంట్లూ ఒకేసారి గరిష్ఠానికి చేరవు కాబట్టి ఫేజ్‌తో సహా కూడాలి. పవర్‌నూ యాక్టివ్, రియాక్టివ్ అని రెండు పద్దులుగా విడివిడిగా సరిచూడాలి.

పరీక్ష హాలులో ఇన్ని చేయడానికి సమయం ఉండదు కదా అనిపించవచ్చు. ఆప్షన్లు ఇచ్చే ఎంట్రన్స్ పరీక్షల్లోనైతే వోల్టేజీ హద్దు, సంధి దగ్గర కూడిక చాలు. రెండూ కలిపి అర నిమిషం పని. 2, మైనస్ 2 రెండూ ఆప్షన్లలో ఉన్నప్పుడు సంధి దగ్గరి కూడికే తేల్చేస్తుంది. దీర్ఘ సమాధానాల పరీక్షలో పవర్ లెక్కకు నాలుగైదు పంక్తులు పడతాయి. అప్పుడు సమీకరణాలున్న కాగితాన్ని పక్కకు పెట్టి, ప్రశ్నపత్రంలోని బొమ్మను చూస్తూ, అందులోని నిరోధాలతోనే కరెంటు వర్గాలను గుణించండి. బ్యాటరీల దగ్గర కరెంటు ఏ కొస నుంచి ప్రవేశిస్తోందో చూసి పద్దు నిర్ణయించండి. కుదరకపోతే తేడాను సగం చేసి చూడండి.